ఏసీ ధర ఒకటి, బిల్లు ఇంకొకటి కాకుండా

ఎండాకాలంలో ఏసీ కొన్న చాలా ఇళ్లలో అసలు బేరం షాపులో ముగియదు. బిగించే రోజున మళ్లీ మొదలవుతుంది. టెక్నీషియన్ వచ్చి, గోడ చూసి, "పైపు చాలదండీ, ఇంకో రెండు మీటర్లు పడుతుంది" అంటాడు. తర్వాత అవుట్‌డోర్ యూనిట్‌కి స్టాండు లేదంటాడు. ఆ తర్వాత వైరు, నీళ్లు పోయే పైపు, బిగింపు కూలి. షాపులో 38,000 రూపాయలు కట్టి, ఇక ఖర్చు అయిపోయిందనుకున్న మనిషి సాయంత్రానికి ఇంకో నాలుగు వేలు చేతి నుంచి తీసి ఇస్తాడు. ఆ నాలుగు వేలు అన్యాయమేమీ కాదు. స్టాండు, పైపు, కూలి, అన్నీ నిజమైన ఖర్చులే. కాకపోతే ముందే ఎవరూ చెప్పలేదు. ఆ కోపం మాత్రం టెక్నీషియన్ మీద కాదు, ఏసీ అమ్మిన షాపు మీదే మిగిలిపోతుంది.

ఈ నాలుగు వేల రూపాయల చుట్టూనే ఎలక్ట్రానిక్స్ వ్యాపారంలో ఒక పెద్ద ప్రశ్న తిరుగుతుంది. ప్రధాన వస్తువుతో పాటు దానికి కావలసినవి కలిపి అమ్మి బిల్లు ఎలా పెంచుకోవాలి? పెంచుకునేటప్పుడు, ఏది ఎంతకు కొంటున్నాడో కొనేవాడికి తెలిసేలా ఎలా చెప్పాలి? వ్యాపారులు దీన్ని కాంబో అంటారు, సెట్టు అంటారు. మాట ఏదైనా, దాన్ని సరిగా కట్టడం తెలిసిన షాపులు తక్కువ. ఇది ఏసీ దగ్గర తెలిసినంత స్పష్టంగా మరో వస్తువు దగ్గర తెలియదు. టీవీ ఇంటికి తెచ్చి ప్లగ్ పెడితే నడుస్తుంది, ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. ఏసీ మాత్రం గోడకు ఎక్కేదాకా సగం సరుకే.

షాపు యజమాని ఎందుకు కాంబో కోసం చూస్తాడో ముందు తెలియాలి. ఏసీలు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద షాపుకు మిగిలేది చాలా తక్కువ. ఆన్‌లైన్ ధర ప్రతి కొనుగోలుదారుడి ఫోనులో ఉంటుంది కాబట్టి అక్కడ పెంచడానికి వీలుండదు. స్టాండు, కేబులు, కవరు, పైపు లాంటి చిన్న సరుకు మీద మిగిలే శాతం ఎక్కువ. ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి విషయం అర్థం కావడానికి తీసుకున్న అంకెలు. ఊరిని బట్టి, బ్రాండును బట్టి మారతాయి. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ 38,000కి అమ్మితే షాపుకు మిగిలేది 1,900 అనుకుందాం. అవుట్‌డోర్ స్టాండు 900కి అమ్మితే 400 మిగులుతుంది. బిగింపుకు 1,500 తీసుకుంటే టెక్నీషియన్‌కి ఇవ్వగా 200 మిగులుతుంది. అదనపు కాపర్ పైపు మీటరు 900 చొప్పున రెండు మీటర్లు అమ్మితే 600 మిగులుతుంది. అంటే 4,200 రూపాయల చిన్న సరుకు మీద 1,200. ఏసీ ఇచ్చిన లాభంలో సగానికి పైగా ఈ చిల్లరే ఇస్తోంది. అలాంటప్పుడు దాన్ని ఎవరో బయటి టెక్నీషియన్‌కి వదిలేయమని ఏ యజమానికీ చెప్పలేం.

అయితే కాంబోలో ఏం పెట్టాలి? చాలా షాపుల్లో గోడౌన్‌లో కదలనిది పెడతారు. అక్కడే తప్పు మొదలవుతుంది. నా దృష్టిలో సెట్టులోకి రావలసింది ఒక్కటే: ఆ వస్తువు ఆ ఇంట్లో పనిచేయాలంటే ఎలాగూ కొనక తప్పనిది. ఏసీ విషయంలో స్టాండు, బిగింపు, పెట్టెలో వచ్చిన దానికి మించి పట్టే పైపు, వైరు, డ్రెయిన్ పైపు ఆ కోవలోకి వస్తాయి. కొనేవాడు వీటిని ఎలాగూ కొంటాడు. మన దగ్గర కొంటాడా, బిగించే రోజున కంగారులో ఇంకెవరి దగ్గరో కొంటాడా అన్నదే తేడా.

ఎలాగూ కొంటాడని అన్నా, అందరి ఇల్లూ ఒకటి కాదు. అందుకని ధర చెప్పడానికి ముందు సేల్స్‌మన్ రెండు మూడు ప్రశ్నలు అడగాలి. మంచి సేల్స్‌మన్ మాట తీరు ఇలా ఉంటుంది.

"ఏసీ ఏ గదికండీ?"

"కింద వెనక బెడ్‌రూమ్‌కి."

"బయటి యూనిట్ ఎక్కడ పెడదామనుకుంటున్నారు? గోడకా, డాబా మీదా?"

"డాబా మీదే. గోడ పక్కింటి వాళ్ల వైపు ఉంది."

"గదిలో యూనిట్ పెట్టే చోటు నుంచి డాబా మీదికి ఎన్ని అడుగులుంటుంది?"

"ఒక పదిహేను అడుగులు ఉంటుందేమో."

"పెట్టెలో వచ్చే పైపు మూడు మీటర్లే, అంటే పది అడుగుల దాకా. మీకు ఇంకో రెండు మీటర్లు పడుతుంది. డాబా మీద కాబట్టి గోడ స్టాండు కాదు, నేల మీద పెట్టే స్టాండు కావాలి. ఇవన్నీ కలిపి ఇప్పుడే రాసేస్తాను, బిగించే రోజున మీరు ఇంకేమీ ఇవ్వక్కర్లేదు."

ఇందులో బలవంతం లేదు, పొగడ్త లేదు. కొనేవాడి ఇంటి కొలత అతని నోటితోనే చెప్పించి, దాని మీద సెట్టు కట్టాడు. ఇదే ఇల్లు అద్దెదైతే, పాత ఏసీ తీసి కొత్తది పెడుతుంటే, స్టాండు ఇప్పటికే ఉంటుంది. పాత పైపు మందం కొత్త ఏసీకి సరిపడకపోవచ్చు కాబట్టి టెక్నీషియన్ చూశాకే మాట ఇవ్వాలి. అలాంటి కొనుగోలుదారుడికి పూర్తి సెట్టు అంటగడితే వారం తిరక్కుండా స్టాండు వెనక్కి తెచ్చి కౌంటరు మీద పెడతాడు.

సెట్టులో ఏముందో రాసే తీరు కూడా పనిలో భాగమే. "ఫ్రీ ఇన్‌స్టలేషన్ కిట్" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "కాపర్ పైపు ఇంకో 2 మీటర్ల దాకా, ఇన్సులేషన్ చుట్టి, స్టాండు, వైరు, డ్రెయిన్ పైపు, వాక్యూమ్ చేసి బిగింపు. 2 మీటర్లు దాటితే మీటరుకు 900" అని రాస్తే కొనేవాడికీ తెలుస్తుంది, టెక్నీషియన్‌కీ తెలుస్తుంది. వాక్యూమ్ అన్న మాటకు అక్కడ పెద్ద పని ఉంది. పైపులు కలిపాక లోపలి గాలినీ తేమనూ పంపుతో లాగేయాలి. కొందరు ఆ పంపు తేకుండా, ఏసీలో ఉన్న గ్యాసునే కొంచెం వదిలి గాలి బయటికి తోసేస్తారు. తేమ లోపలే ఉండిపోతుంది, తగ్గిన గ్యాసు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత కంప్రెసర్ బాధపడుతుంది. సెట్టులో ఆ ఒక్క మాట రాసి ఉంటే కొనేవాడు నిలబడి అడగగలడు. కాపర్ అన్న మాటా అంతే. రాసి లేకపోతే అల్యూమినియం పైపు వేసి వెళ్లినా కనిపెట్టేవాడుండడు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొన్ని కంపెనీలు బిగింపు తమ అధీకృత టెక్నీషియనే చేయాలంటాయి, కాదంటే వారంటీకి ఇబ్బంది వస్తుంది. అలాంటి బ్రాండుకు షాపు సెట్టులో బిగింపు ఉండకూడదు. సామాను మాత్రమే ఉండాలి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. చాలామంది యజమానులు బోల్తాపడేది ఇక్కడే.

కాంబో లేని రోజుల్లో, ఏసీ కొన్న వంద మందిలో 40 మంది స్టాండు, పైపు, బిగింపు మన షాపులోనే 4,200 పెట్టి తీసుకునేవారని అనుకుందాం. ఒక్కొక్కరి మీద 1,200 చొప్పున షాపుకు 48,000 మిగిలేది. ఇప్పుడు యజమాని సెట్టు కట్టి, "500 తగ్గింపు" అని బోర్డు పెట్టాడు. ధర 3,700. బేరం బాగుంది కదా అని 60 మంది తీసుకున్నారు. నెలాఖరున లెక్క చూస్తే చిన్న సరుకు అమ్మకం 1,68,000 నుంచి 2,22,000కి పెరిగింది. బిల్లు సగటు పెరిగింది, షాపులో అందరూ సంతోషంగా ఉన్నారు. కానీ సెట్టుకు మిగిలేది ఇప్పుడు 700 మాత్రమే. 60 మంది మీద 42,000. అంటే అమ్మకం 54,000 పెరిగి, మిగులు 6,000 తగ్గింది. 500 తగ్గింపు ఇచ్చి పాత మిగులు దగ్గర నిలబడాలంటేనే వందలో 69 మంది తీసుకోవాలి.

కారణం తేలికైనదే. ఆ తగ్గింపు కొత్తగా వచ్చిన 20 మందికి మాత్రమే కాదు, ఇదివరకు పూర్తి ధర ఇచ్చి కొనే 40 మందికి కూడా అందింది. వాళ్లు తగ్గింపు అడగలేదు. అది లేకపోయినా కొనేవారు.

అదే సెట్టును 200 తగ్గించి 4,000కి పెడితే? మిగులు 1,000. వందలో 48 మంది తీసుకుంటే పాత లెక్క సరిపోతుంది. 60 మంది తీసుకుంటే 60,000. అంటే 300 రూపాయల తేడా షాపును నష్టం వైపు నుంచి లాభం వైపు మార్చింది. 200 తగ్గింపుకు 60 మంది వస్తారా అని అడగొచ్చు. ఎలాగూ కొనక తప్పని వస్తువుల దగ్గర మనిషిని కదిలించేది తగ్గింపు కన్నా "బిగించే రోజున ఇంకేమీ ఇవ్వక్కర్లేదు" అన్న హామీ. ఆ హామీకి విలువ ఉంది కాబట్టి దాన్ని గట్టిగా నిలబెట్టుకోవాలి. పైపు అర మీటరు ఎక్కువ పట్టిందని టెక్నీషియన్ చేయి చాపితే, ఆ అర మీటరు షాపు భరించడమే మేలు. పైన ఇదంతా జీఎస్టీ పక్కన పెట్టి వేసిన ముతక లెక్క. మీ షాపు బిల్లులు తీసి ఎవరికి వారు వేసుకోవాలి. వేసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న మరిచిపోకూడదు: కాంబో లేకపోయినా ఎంతమంది కొనేవారు?

సెట్టు లేకుండా ఏసీ ఇవ్వం అంటే ఇంకా తేలిక కదా అని కొందరికి అనిపిస్తుంది. అది తేలిక కాదు. దీనికి ఊహాజనితమైన ఉదాహరణలు అక్కర్లేదు, వీడియో గేముల వ్యాపారం మీద నిజంగా జరిగిన పరిశోధనే ఉంది. నింటెండో సంస్థ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రాలను విడిగానూ, గేముతో కలిపిన సెట్టుగానూ అమ్మింది. తిమోతీ డెర్డెంజర్, వినీత్ కుమార్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ అమ్మకాలను పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు దారులూ తెరిచి ఉంచినప్పుడు సంస్థ రాబడి పెరిగిందనీ, సెట్టు ఒక్కటే అమ్మితే తగ్గుతుందనీ వాళ్లు తేల్చారు. సెట్టు అక్కర్లేనివాడు విడి వస్తువు దొరక్కపోతే సెట్టు కొనడు, అసలు కొనకుండా పోతాడు. పాత స్టాండు ఉన్న మనిషి విషయంలో మన ఏసీ షాపుకు జరిగేదీ అదే.

ఉచిత బహుమతుల గురించీ ఇక్కడే చెప్పాలి. ఏసీతో పాటు రిమోట్ కవరు ఉచితం, కీచైన్ ఉచితం అని చేర్చడం మన షాపుల్లో మామూలు. ఖర్చు తక్కువ, ఇస్తే పోయేదేముంది అనుకుంటారు. 2012లో కింబర్లీ వీవర్, స్టీఫెన్ గార్సియా, నార్బర్ట్ ష్వార్జ్ ప్రచురించిన పరిశోధన దీనికి ఎదురు చెబుతుంది. ఐపాడ్‌కు కవరు కలిపిన సెట్టును కొందరికి చూపించారు. అదే సెట్టుకు ఒక పాట ఉచిత డౌన్‌లోడ్ కూడా చేర్చి మరికొందరికి చూపించారు. పాట ఉన్న సెట్టుకే జనం తక్కువ డబ్బు ఇస్తామన్నారు. అమ్మేవాడు వస్తువులను కూడుకుంటూ పోతాడు. కొనేవాడు మాత్రం మొత్తాన్ని ఒకే చూపులో చూసి సగటు కడతాడు. మంచి వస్తువుల పక్కన ఒక నాసి వస్తువు పెడితే ఆ సగటు పడిపోతుంది. 4,000 రూపాయల సెట్టు కాగితం మీద ఆఖరి వరసలో "రిమోట్ కవరు ఉచితం" అని ఉంటే, పైనున్న కాపర్ పైపు కూడా ఆ కవరు నాణ్యతదేనేమో అన్న అనుమానం వస్తుంది. తీసేయడమే మంచిది.

ఇక అందరికీ అక్కర్లేనివి. వీటిని సెట్టులో కలపకూడదు, అడిగి విడిగా అమ్మాలి. ఏసీ దగ్గర అలాంటివి ముఖ్యంగా రెండు: స్టెబిలైజర్, అదనపు వారంటీ.

ఇప్పుడొచ్చే ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటి మీద స్టెబిలైజర్ లేకుండా నడుస్తుందని రాసి ఉంటుంది. దాని కింద ఇన్ని వోల్టుల నుంచి ఇన్ని వోల్టుల దాకా అని ఒక హద్దు కూడా ఉంటుంది. ఆ హద్దు మోడల్‌ను బట్టి మారుతుంది. మన ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. ఊరి నడుమ, మంచి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్న ఇంటికి ఆ హద్దు చాలు. లైను చివర ఉన్న ఇంట్లో, వేసవి రాత్రి అందరూ ఏసీలు వేసిన వేళ వోల్టేజీ ఆ హద్దు కిందికి పడుతుంటే స్టెబిలైజర్ నిజంగా కావాలి. కాబట్టి సేల్స్‌మన్ "స్టెబిలైజర్ తప్పనిసరి అండీ" అనకుండా, "రాత్రిపూట మీ ఇంట్లో ట్యూబులైటు వెలగడం, ఫ్యాను తిరగడం ఎలా ఉంటుంది?" అని అడగాలి. అనుమానంగా ఉంటే ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టి చూపించుకుని రమ్మనాలి. పెట్టె మీదున్న ఆ అంకెలను కొనేవాడికి వేలు పెట్టి చూపించాలి. దానివల్ల ఆ రోజు 2,600 రూపాయల అమ్మకం పోవచ్చు. కానీ తర్వాత పక్కింటాయన "మాకు స్టెబిలైజర్ లేకుండానే నడుస్తోందే" అన్నప్పుడు షాపు పేరు పోదు.

అదనపు వారంటీ ఇంకా చిక్కు. ఏసీకి కంపెనీ ఇచ్చే వారంటీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మొత్తం యంత్రానికి ఒక ఏడాది, లోపలి సర్క్యూట్ బోర్డుకు కొన్నేళ్లు, కంప్రెసర్‌కు పదేళ్లు అన్నట్టు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. అలాంటప్పుడు 3,000 తీసుకుని "మూడేళ్ల పూర్తి వారంటీ" అమ్మితే, అందులో కొంత భాగం కంపెనీ ఎలాగూ ఇస్తున్నదే. నిజంగా కొత్తగా వచ్చేది రెండో ఏడు, మూడో ఏడు మిగతా భాగాలకూ రిపేరు కూలికీ ఉన్న రక్షణ. అది కొందరికి పనికొస్తుంది. ఉప్పుగాలి తగిలే సముద్రతీరపు ఊళ్లలో కాయిల్ తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి అక్కడివాళ్లు ఆలోచించాల్సిందే. అయితే తుప్పుకు వర్తించదని షరతుల్లో రాసి ఉందేమో ముందు చూడాలి. గ్యాసు నింపడం వస్తుందా, రిపేరుకు వచ్చేది ఏసీ కంపెనీ మనిషా లేక వారంటీ అమ్మిన వేరే సంస్థ మనిషా, లెక్క బిల్లు తేదీ నుంచా కంపెనీ వారంటీ ముగిసిన రోజు నుంచా అన్నవి కూడా కాగితం మీద ఉండాలి. ఈ నాలుగు మాటలకు జవాబు చెప్పలేని సేల్స్‌మన్ దాన్ని అమ్మకూడదని యజమాని కట్టడి చేయాలి.

ఇవన్నీ ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. ఏ ఏసీ అన్నది తేలకముందే సెట్టు మాటెత్తితే మనిషికి మొత్తం ధర భయం పుడుతుంది. కార్డు గీకాక చెబితే మోసపోయినట్టుంటుంది. మోడల్ తేలి, బిల్లు కొట్టకముందు ఉన్న కొద్ది నిమిషాలే సరైన సమయం. అప్పుడు ఒక కాగితం మీద మూడు వరసలు చాలు: ఏసీ 38,000, బిగింపు సెట్టు 4,000, విడిగా కొంటే 4,200, మొత్తం 42,000. స్టెబిలైజర్, వారంటీ కింద వేరుగా, ధరలతో, గడి ఖాళీగా. కావాలన్నవాడే టిక్కు పెడతాడు. ఈఎంఐ మీద కొనేవారికి ఇది మరీ అవసరం. 3,000 రూపాయల వారంటీ పన్నెండు వాయిదాల్లో కలిస్తే "నెలకు 250 ఎక్కువ" అంటారు. 250 అనగానే సరే అనే మనిషి, 3,000 అంటే కాసేపు ఆగి ఆలోచిస్తాడు. ఆ ఆలోచించే హక్కు అతనిది. నెల వాయిదా చెప్పొచ్చు, కానీ మొత్తం చెప్పాకే చెప్పాలి.

"విడిగా కొంటే 4,200" అన్న అంకె నిజమైనది కావాలని వేరే చెప్పాలా? చెప్పాలి. పెట్టె మీది ఎమ్మార్పీలన్నీ కూడి, ఎవరూ ఎన్నడూ ఇవ్వని 6,500 చూపించి, దాన్ని కొట్టేసి 4,000 రాసే అలవాటు పాతుకుపోయింది. మామూలుగా ఏ ధరకు అమ్ముతున్నారన్న విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఒక వస్తువు కావాలంటే మరొకటి కొనాల్సిందేనని షరతు పెట్టడాన్ని కూడా అదే చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 నియమాలు ముందే టిక్కు పెట్టిన గడుల ద్వారా ఒప్పుదల తీసుకోవడాన్ని నిషేధించాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు పదమూడు రకాల మోసపు డిజైన్లను పేరుపేరునా చెప్పాయి. అడగని వస్తువును చివర్లో బుట్టలో చేర్చడం, ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం వాటిలో ఉన్నాయి. షాపు కౌంటరు దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఏసీకీ వారంటీ వరస తనంతట తాను చేర్చేలా పెట్టుకోవడం కూడా ఆ జాతి పనే.

పన్ను వైపు నుంచి కూడా విడి వరసలే మేలు. వేర్వేరు వస్తువులను ఒకే ధరకు కలిపి అమ్మితే, అవి సహజంగా కలిసి అమ్ముడయ్యేవి కాకపోతే, అన్నిటికన్నా ఎక్కువ రేటున్న వస్తువు రేటే మొత్తానికి పడుతుందని జీఎస్టీ చట్టం చెబుతుంది. 2025 సెప్టెంబరు 22 దాకా ఏసీ మీద 28 శాతం, స్టెబిలైజర్ మీద 18 శాతం ఉండేది. అప్పట్లో రెండూ కలిపి ఒకే ధర రాసిన షాపుకు స్టెబిలైజర్ మీద కూడా 28 శాతం కట్టాల్సిన చిక్కు ఉండేది. ఇప్పుడు ఏసీ కూడా 18కి వచ్చింది కాబట్టి ఈ జంటకు ఆ బెడద లేదు. వేరే రేటున్న వస్తువు ఏదైనా సెట్టులో చేర్చేముందు మాత్రం ఆడిటర్‌ను ఒక మాట అడగడం మంచిది.

సెట్టు బాగా నడుస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? అమ్మకం మొత్తం చూసి తెలుసుకోలేం. ఏప్రిల్‌లో కాంబో పెట్టి, మార్చి కన్నా పెరిగిందంటే అది ఎండ పెంచిన అమ్మకమో, సెట్టు పెంచిన అమ్మకమో ఎవరు చెబుతారు? ఒకే సీజన్‌లో ఒక వారం సెట్టు బోర్డు పెట్టి, మరుసటి వారం తీసేసి, మళ్లీ పెట్టి చూడాలి. రెండు శాఖలుంటే ఒకదానిలో పెట్టి ఇంకోదానిలో ఆపి, తర్వాత తారుమారు చేయాలి. చూడవలసింది ఏసీ ఒక్కంటికి మిగిలిన డబ్బు. దాని పక్కనే ఇంకో లెక్క రాసుకోవాలి: వారంటీ రద్దు చేయమని తిరిగి వచ్చినవాళ్లు ఎంతమంది, స్టాండు వాపసు తెచ్చినవాళ్లు ఎంతమంది, బిగించిన రోజున డబ్బు గురించి షాపుకు ఫోను చేసినవాళ్లు ఎంతమంది. టెక్నీషియన్‌ను రెండోసారి పంపడానికి 300 అవుతుందనుకుంటే, అలాంటి మూడు గొడవలు దాదాపు ఒక సెట్టు మీది మిగులును తినేస్తాయి.

ఈ ఫిర్యాదులు పెరుగుతుంటే ముందు సేల్స్‌మన్ ఇన్సెంటివ్ చూడాలి. అమ్మిన ప్రతి వారంటీకీ ఇంత అని అదే రోజు చేతికిస్తే, కొనేవాడికి అర్థమైందా లేదా అన్నది అతనికి పట్టదు. జీతం తక్కువున్న కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు. పద్ధతే అతన్ని అటు తోస్తోంది. ఇన్సెంటివ్‌ను నెల తర్వాత, రద్దు కాని వాటికే ఇస్తే మాట తీరు తనంతట తానే మారుతుంది.

ఈ వేసవిలో ఏసీ కొనబోయేవారికి ఒక మాట. డబ్బు కట్టకముందే గోడ నుంచి అవుట్‌డోర్ యూనిట్ దాకా టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి. "బిగించి, చల్లగాలి వచ్చేదాకా మొత్తం ఎంత?" అని అడిగి, ఆ అంకెను వస్తువుల వారీగా బిల్లు మీద రాయించుకోండి. అడగని వరస కనిపిస్తే కౌంటరు దగ్గరే తీయించండి. తీయమంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు.